బొమ్మలో ఉన్నదెంత, కవి చేర్చిందెంత: చిత్రం మీద రాసిన కవితను చదివే పద్ధతి

చిత్రాన్నో శిల్పాన్నో చూసి రాసిన కవితలను ఎక్‌ఫ్రాసిస్ కవితలంటారు. వీటిని చాలామంది చదివే తీరు ఒకటే. ముందు కవిత చదువుతారు. తర్వాత నెట్‌లో బొమ్మ వెతికి, 'అవును, అచ్చం అలాగే ఉంది' అనుకుంటారు. అచ్చం అలాగే ఏమీ ఉండదు. కవిత చదివిన కంటికి అలా కనిపిస్తుందంతే. కవి ఎక్కడ చేయి పెట్టాడో పట్టుకోవాలంటే ఈ వరస తిరగేయాలి.

ఎలాగో ఒకే ఉదాహరణ మీద చూద్దాం. పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగల్ పేరు మీద ఉన్న 'ఇకారస్ పతనం' అనే చిత్రం బ్రసెల్స్‌లోని రాయల్ మ్యూజియమ్స్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఇద్దరు పెద్ద కవులు రాశారు. డబ్ల్యూ.హెచ్. ఆడెన్ 1938 డిసెంబరులో బ్రసెల్స్‌లో ఉన్నప్పుడు రాసిన కవిత పేరు 'మ్యూజే దె బోజార్'. విలియం కార్లోస్ విలియమ్స్ కవితకు చిత్రం పేరే పేరు, అది ఆయన 1962 నాటి సంపుటిలో ఉంది. రెండూ 21 పాదాల కవితలే. ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ, చేర్చినవి మాత్రం వేరు. నేర్చుకోడానికి ఇంతకన్నా అనువైన జత నాకైతే తెలియదు.

ముందు బొమ్మ, కవిత తర్వాత

వికీమీడియా కామన్స్‌లో ఈ చిత్రం పెద్ద ఫైల్‌గా దొరుకుతుంది. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో తెరవండి. అసలు చిత్రమే దాదాపు 112 సెంటీమీటర్ల వెడల్పు. అందులో సముద్రంలో పడిన గ్రీకు కథల కుర్రాడు ఇకారస్ ఉన్న చోటు అరచేతితో కప్పేయొచ్చు. ఫోన్ తెర మీద సగం సంగతులు కనబడవు. అంచులు కత్తిరించిన బొమ్మలు కూడా నెట్‌లో తిరుగుతుంటాయి కాబట్టి మ్యూజియం పేరు సరిచూసుకోండి. ఇదే దృశ్యానికి బ్రసెల్స్‌లోనే వాన్ బ్యూరన్ మ్యూజియంలో ఇంకో ప్రతి ఉంది. పొరపాటున అది తెరిస్తే లెక్కలన్నీ తప్పుతాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడో కాగితం తీసుకుని, కంటికి కనిపించేవి మాత్రమే రాయండి. పావుగంట పడుతుంది. 'ఎందుకు', 'పాపం', 'అనుకుంటా' లాంటి మాటలు రానివ్వకండి. నా జాబితా ఇలా ఉంటుంది. ఎడమవైపు ముందుభాగంలో ఎర్ర చొక్కా రైతు, తల వంచి, ఒక గుర్రంతో దున్నుతున్నాడు. చాళ్లు మెట్లలా కిందికి దిగుతున్నాయి. అతని వెనక, కొంచెం పల్లంలో, గొర్రెల కాపరి కర్ర మీద ఆని నిలబడ్డాడు, ముఖం ఆకాశం వైపు ఉంది. పక్కన కుక్క, చుట్టూ గొర్రెలు. కుడివైపు కింది మూలలో ఒకడు నీటి ఒడ్డున కూర్చుని చేపలు పడుతున్నాడు. అతని దగ్గర కొమ్మ మీద కౌజుపిట్ట. అతనికీ పెద్ద ఓడకీ మధ్య, నీళ్లలోంచి పైకి రెండు కాళ్లు. వాటి దగ్గర కొన్ని ఈకలు. ఓడ తెరచాపలు గాలికి ఉబ్బి ఉన్నాయి. సముద్రం ఆకుపచ్చ. దూరాన రాళ్లు, ఒక పట్నం, నీటి అంచున సూర్యుడు. ఇంకా పట్టి చూస్తే పొలం అంచున కత్తి, సంచి. ఎడమవైపు పొదల్లో పాలిపోయిన మనిషి తల, శవానిది.

ఈ చివరిది దాదాపు ఎవరికీ మొదటిసారి కనబడదు. కనబడలేదని బాధపడక్కర్లేదు గానీ జాబితాలో చేర్చండి, పనికొస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. చిత్రం పేరు చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి 'ఇది దేని గురించి?' అని అడగండి. 'పొలం దున్నుతున్నారు' అంటారు. మనం కాళ్లు వెతికామంటే పేరు చెప్పింది కనుకే. అంటే కవికన్నా ముందు చిత్రం పేరే మన చూపును ఒకవైపు తోసేసింది. పేరు ద్వారా తెలిసినవాటిని జాబితాలో విడిగా, గీత కింద రాసుకోండి. 'ఆ కాళ్లు ఇకారస్‌వి' అన్నది గీత కిందికే వెళ్తుంది.

ఆ బొమ్మ దేన్ని చూసి వేశారో కూడా చూడండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. దాటేస్తే చిత్రకారుడు చేసిన మార్పును కవి ఖాతాలో వేస్తాం.

ఇకారస్ కథకు బాగా తెలిసిన మూలం రోమన్ కవి ఓవిడ్ 'మెటమార్ఫసిస్' ఎనిమిదో భాగం. డెడలస్ అనే గొప్ప పనిమంతుడు క్రీట్ దీవి నుంచి తప్పించుకోడానికి ఈకలూ మైనమూ కలిపి రెక్కలు కట్టాడు. కొడుకు ఇకారస్ ఆ సంబరంలో సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరాడు, మైనం కరిగింది, సముద్రంలో పడి చనిపోయాడు. ఓవిడ్ కథలోనూ గాలం వేసేవాడు, కర్ర మీద ఆనిన కాపరి, మేడి పట్టిన రైతు ముగ్గురూ ఉన్నారు. అయితే అక్కడ ఆ ముగ్గురూ తల పైకెత్తి, ఎగురుతున్న తండ్రీ కొడుకులను చూసి నోరు తెరిచి, వీళ్లెవరో దేవుళ్లు అనుకుంటారు.

బ్రూగల్ అదే ముగ్గురిని తీసుకుని వాళ్ల చూపు మార్చేశాడు. రైతు చాలు వైపు చూస్తున్నాడు, చేపలవాడు నీళ్ల వైపు. కాపరి ఒక్కడే పైకి చూస్తున్నాడు, కానీ ఆకాశంలో ఏమీ లేదు. వాన్ బ్యూరన్ ప్రతిలో మాత్రం ఆకాశంలో డెడలస్ ఎగురుతూ ఉంటాడు. అక్కడ కాపరి చూపుకు అర్థముంది. ప్రతి సరిచూసుకోమన్నది ఇందుకే. ఆడెన్ మాట్లాడేది డెడలస్ లేని చిత్రం గురించి. మనం చూస్తున్న రాయల్ మ్యూజియమ్స్ చిత్రం బ్రూగల్ స్వయంగా వేసింది కాదని, పోయిన అసలుకు నకలని ఇప్పుడు చాలామంది నిపుణులు అనుకుంటున్నారు. మన పనికి దానివల్ల పెద్ద తేడా రాదు. కవులు చూసింది ఈ బొమ్మనే.

కౌజుపిట్ట కూడా ఓవిడ్ కథలోదే. డెడలస్ అసూయకు బలైన అతని మేనల్లుడు ఆ పిట్టగా మారి, ఇకారస్‌ను పూడ్చేచోట సంతోషంతో కూస్తుంది. దీన్ని ఇద్దరు కవులూ తాకలేదు.

మూడు గుర్తులతో కవితను చదవండి

ఇప్పుడు ఆడెన్ కవిత తీయండి. మొదటి భాగం 13 పాదాలు, రెండోది 8. ఇకారస్ వచ్చేది రెండో భాగంలోనే. పెన్సిల్‌తో ప్రతి మాట మీదా మూడింట్లో ఒక గుర్తు పెట్టండి. బొమ్మలో కనిపిస్తుంటే టిక్కు. బొమ్మను బట్టి ఊహించుకోవచ్చు గానీ కనిపించదనుకుంటే ప్రశ్నగుర్తు. బొమ్మ చూపించలేనిదైతే ఇంటూ. చప్పుడు, మాట, మనసులో అనుకున్నది, అంతకుముందు జరిగింది, తర్వాత జరగబోయేది ఇవన్నీ ఇంటూలే. పాదాన్ని మొత్తంగా తీసుకుని ఒక గుర్తు పెడితే ఏమీ దొరకదు. మాట మాటకూ విడగొట్టాలి.

రెండో భాగాన్ని అలా విడగొడదాం. పాదాల సారం మాత్రమే చెబుతాను, కవిత మీ ముందుంచుకోండి.

ముందుగా, అంతా ఆ విపత్తు నుంచి తీరిగ్గా ముఖం తిప్పుకుంటుందంటాడు. పైపైన చూస్తే టిక్కు పెట్టేస్తాం. నిజంగానే ఎవరూ అటు చూడటం లేదు కదా. ఆగండి. బొమ్మలో ఉన్నది వాళ్లు వేరే వైపు చూస్తూ ఉండటం. ముఖం తిప్పుకోవడం వేరు. ముఖం తిప్పుకోవాలంటే ముందు చూసి ఉండాలి. స్థితిని చర్యగా మార్చాడు. 'తీరిగ్గా' అని దానికి ఓ ధోరణి కూడా అంటించాడు. ఇక్కడ ఇంటూ పెట్టండి. కవిత మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ఇంటూ ఇదే.

తర్వాత, నీళ్లు ఛెళ్లుమన్న చప్పుడూ దిక్కులేని కేకా రైతుకు వినిపించి ఉండొచ్చంటాడు. చప్పుడు ఇంటూ, కేక ఇంటూ. అసలు కేక వేశాడని ఎవరు చెప్పారు? ఓవిడ్‌లో తండ్రి పేరు పిలుస్తున్న నోటినే సముద్రం మూసేస్తుంది. ఆ కేక కథలోంచి వచ్చింది, బొమ్మలోంచి కాదు. 'ఉండొచ్చు' అన్న ఊహమాటను కూడా చుట్టి పెట్టుకోండి, కాసేపట్లో దానితో పనుంది. అది రైతుకు అంత ముఖ్యమైన ఓటమేమీ కాదన్నది అతని మనసులోకి దూరి చెప్పిన మాట, ఇంటూ. చావు అనకుండా ఓటమి అనడం గమనించారా? ఎగరాలనుకున్నవాడి లెక్క ప్రకారం అది ఓటమి.

సూర్యుడు ప్రకాశించాడన్నది టిక్కు. తప్పదు కాబట్టి ప్రకాశించాడన్నది ఇంటూ. తెల్లని కాళ్లు, ఆకుపచ్చ నీళ్లు టిక్కు, టిక్కు. మునిగిపోతున్న కాళ్లన్నది ప్రశ్నగుర్తు. రంగుతో వేసిన కాళ్లు నాలుగు శతాబ్దాలకు పైగా అక్కడే ఉన్నాయి, మునిగిపోవడం మన ఊహలో జరుగుతుంది. గుర్తులన్నీ పెట్టాక చూడండి, కంటికి కచ్చితంగా కనిపించేవి ఈ ఒక్కచోట ముద్దగా దొరుకుతాయి. నన్ను నమ్మండి, నేను బొమ్మ చూస్తూనే ఉన్నాను అని కవి చెప్పినట్టుంటుంది. ఆ నమ్మకం కుదిరిన మరుక్షణం చివరి మూడు పాదాల్లో పెద్ద చేర్పు చేస్తాడు.

ఓడ దగ్గరికి వద్దాం. సుకుమారమైన ఓడ అనడానికి టిక్కు ఇవ్వొచ్చు, తాళ్లూ స్తంభాలూ అంత సన్నగా వేశారు. ఖరీదైనది అనేది ప్రశ్నగుర్తు. అది ఒక అద్భుతాన్ని, ఆకాశంలోంచి పడుతున్న పిల్లవాణ్ని, చూసే ఉండాలి అనేది ఇంటూ. పడటమే బొమ్మలో లేదు. పడటం అయిపోయాకే బొమ్మ మొదలైంది. దానికి వెళ్లాల్సిన చోటొకటి ఉంది, ప్రశాంతంగా సాగిపోయింది అన్నదాంట్లో, ఉబ్బిన తెరచాపల వల్ల సాగడానికి టిక్కు. మిగతా రెండూ ఇంటూలు.

ఇంటూలన్నీ కలిపి ఒక ప్రశ్న అడగండి

గుర్తులు పెట్టడంతో పని అయిపోయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 'కవి చప్పుడు చేర్చాడు, భావాలు చేర్చాడు' అని రాసి వదిలేస్తారు. ప్రతి కవీ చప్పుడు చేరుస్తాడు, అందులో కొత్తేముంది? అడగాల్సింది ఇది: ఈ ఇంటూలన్నీ తీసేస్తే ఏ మాట అనడం కుదరదు?

ఆడెన్ ఇంటూలను వరసగా చూడండి. ముఖం తిప్పుకోవడం, వినిపించి ఉండొచ్చు, చూసే ఉండాలి. అన్నీ ఒక్క సంగతి గురించే. ఆ మనుషులకు విషయం తెలుసా, తెలియదా? బొమ్మ ఈ విషయంలో నోరు విప్పదు. ఏమీ వినకుండా, ఏమీ చూడకుండా రైతు తన పని తాను చేసుకుంటూ ఉండి ఉండొచ్చు. అలాగైతే అది ఎరగకపోవడం. ఆడెన్‌కు కావలసింది అది కాదు. తెలిసీ పట్టించుకోకపోవడం కావాలి. అందుకు వాళ్లకు తెలిసేలా చేయాలి. ఆ పని రెండు మెట్లలో చేశాడు. రైతు దగ్గర 'ఉండొచ్చు', ఓడ దగ్గర 'ఉండాలి'. పొలం పని ఆపలేని పేదవాడికి అనుమానం కింద కొంత వెసులుబాటు ఇచ్చి, ఖరీదైన ఓడకు ఇవ్వలేదు. పైగా కళ్లు లేని ఓడను సాక్షిని చేశాడు. ఓడలోని మనుషుల ప్రస్తావనే లేదు.

ఇలా ఎందుకు చేశాడని ఇప్పుడు అడగొచ్చు, ఇంతకు ముందు కాదు. 1938లో ఆయన చైనాలో యుద్ధం చూసి వచ్చాడు. ఆ ఏడాది చివర్లో యూరప్ ఏ స్థితిలో ఉందో తెలిసిందే. మ్యూజియంలో నిలబడినవాడికి 'చూసీ సాగిపోయిన ఓడ' ఎందుకు తట్టిందో ఊహించడం కష్టం కాదు. కానీ చరిత్రతో మొదలుపెట్టి కవితలోకి వస్తే ప్రతి మాటా యుద్ధంగానే వినిపిస్తుంది, 'ఉండొచ్చు'కీ 'ఉండాలి'కీ తేడా వినిపించదు.

ఇదంతా కవి తప్పు చేశాడని చెప్పడానికి కాదు. బొమ్మలో లేనిది రాశాడు గనుక కవిత అబద్ధమనేవాళ్లు కనిపిస్తుంటారు. వాళ్లతో వాదన దండగ. బొమ్మను అచ్చంగా దించేట్టయితే కవిత ఎందుకు, బొమ్మే ఉంది.

వదిలేసినవి

మీ మొదటి జాబితా తీసి, కవితలో రానివాటి కింద గీత గీయండి. ఆడెన్ విషయంలో కాపరి, చేపలవాడు, కౌజుపిట్ట, శవం, కత్తి, సంచి మిగులుతాయి. ఇందులో రెండు వదిలివేతలు బలమైనవి. చేపలవాడు ఆ కాళ్లకు అందరికన్నా దగ్గర మనిషి, అతన్ని తీసుకుంటే కవి వాదన ఇంకా గట్టిపడేదే, అయినా తీసుకోలేదు. కాపరిని వదలడంలో మాత్రం తెలివి ఉందనిపిస్తుంది. ఆకాశం వైపు చూస్తున్న మనిషి ఒకడు మధ్యలో నిలబడి ఉండగా అంతా ముఖం తిప్పుకుందనడం చెల్లదు. ఇక పొదల్లోని శవం. చచ్చేవాడి కోసం నాగలి ఆగదన్న అర్థంలో బ్రూగల్ ప్రాంతంలో సామెత ఉంది, ఆ తలను దానికి ముడిపెట్టి చూస్తారు. ఆడెన్ చెప్పేదీ దాదాపు అదే. చెప్పదలచుకున్నదానికి బొమ్మలోనే దొరికే సాక్ష్యాన్ని వదిలి, దొరకని చూపును చేర్చుకున్నాడు.

మొదటి భాగం సంగతి క్లుప్తంగా. అక్కడ అడవి అంచున చెరువు మీద జారే పిల్లలు, పవిత్ర జననం కోసం ఎదురుచూసే పెద్దలు, చెట్టుకు ఒళ్లు రుద్దుకునే గుర్రం వస్తారు. ఇవేవీ ఇకారస్ చిత్రంలో లేవు. అదే మ్యూజియంలో ఉన్న బ్రూగల్ 1566 నాటి 'బెత్లెహేం జనగణన'లో మంచు మీద ఆడే పిల్లలు, గుంపులో ఎవరూ గమనించని మరియ ఉన్నారు. ఒక కవితకు ఒకే బొమ్మ అనుకోకండి. మ్యూజియం పేరే కవితకు పేరు పెట్టాడంటే గదంతా చూస్తున్నాడని అర్థం.

అదే బొమ్మ, రెండో కవి

విలియమ్స్ కవిత మూడేసి పాదాల ఏడు ముక్కలు, విరామచిహ్నాలు లేవు. బ్రూగల్ చెప్పిన ప్రకారం, అంటూ మొదలవుతుంది. నేనేమీ చేర్చడం లేదు అన్న భరోసా అది. అదే గుర్తులతో చూడండి, భరోసా ఎంతవరకో తెలుస్తుంది.

వసంతమని చెప్పడం ప్రశ్నగుర్తు, దుక్కిని బట్టి ఊహించాడు. ఏడాదంతా ఒళ్లు జలదరించి మేలుకుందనడం ఇంటూ. ఎండకు చెమట పట్టడం ప్రశ్నగుర్తు. రెక్కల మైనాన్ని కరిగించిన ఎండ అన్నచోట కాసేపు ఆగాలి. బొమ్మలో సూర్యుడు నీటి అంచున, చాలా కిందికి ఉన్నాడు. మైనం కరిగించే సూర్యుడు నడినెత్తిన ఉండాలి. బొమ్మకూ కథకూ కుదరనిచోట విలియమ్స్ కథ పక్షం వహించి, రైతుకు చెమట పట్టించే ఎండా మైనం కరిగించే ఎండా ఒకటే చేశాడు. పని చేయించేదీ చంపేదీ ఒకే సూర్యుడు. ఈ అతుకు బొమ్మలో లేదు.

చివర్లో నీళ్ల చప్పుడు వస్తుంది, ఆడెన్‌లో వచ్చినట్టే. కానీ ఎవరూ గమనించని చప్పుడది. అక్కడ 'వినిపించి ఉండొచ్చు', ఇక్కడ గమనికే లేదు. ఒకే ఇంటూను ఇద్దరూ ఎదురుబొదురు పనులకు వాడారు. ఆడెన్ లోకం తెలిసీ వెళ్లిపోతుంది. విలియమ్స్ లోకానికి తెలియనే తెలియదు, తన గొడవలో తానుంది. ఎవరి మీదా నేరం లేదు. బొమ్మకు ఈ రెండోదే దగ్గరని నా ఉద్దేశం, కవితగా మొదటిదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

శిల్పమైతే, బొమ్మే లేకపోతే

శిల్పానికి ముందు, వెనక, పక్క అని మూడు నాలుగు చూపులుంటాయి. కవి ఏ వైపు నిలబడి రాశాడో ముందు తేల్చుకోండి. విరిగిన శిల్పమైతే లేని భాగాలను కూడా జాబితాలో రాయాలి. 1908లో వచ్చిన జర్మన్ కవి రిల్కే కవిత 'ప్రాచీన అపోలో మొండెం' మొదలయ్యేదే లేని తలతో, లేని కళ్లతో. పోయిన ఆ చూపు మొండెంలో ఇంకా వెలుగుతోందని, ఆ రాయి మనల్ని చూస్తోందని చెప్పుకుంటూ పోతాడు. తల లేదన్నది టిక్కు. దాని చూపు ఉందన్నది ఇంటూ. కవిత అంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

కీట్స్ 1819లో రాసిన గ్రీకు పాత్ర కవితకు ఇదీ అని చూపించగల ఒకే పాత్ర లేదు. అప్పుడు మొదటి మెట్టు కుదరదు. కవిత లోపలే ఆధారం వెతకాలి. కవి ఎక్కడ ప్రశ్నలు వేస్తున్నాడో అక్కడ గుర్తు పెట్టండి. నాలుగో భాగంలో బలికి తీసుకెళ్తున్న దూడ, పూజారి, జనం ఉన్నారు. వెంటనే, వీళ్లంతా ఖాళీ చేసి వచ్చిన ఊరేది, నది ఒడ్డునా, సముద్రపు ఒడ్డునా, కొండ మీదా అని అడుగుతాడు. ఎక్కడుందో తనకే తెలియదంటే పాత్ర మీద ఆ ఊరు లేదన్నమాట. లేని ఊరికి కోట కట్టి, వీధులు వేసి, ఆ వీధులు ఎప్పటికీ నిశ్శబ్దంగా ఉంటాయని, ఎందుకు ఖాళీ అయిందో చెప్పడానికి ఒక్కరూ తిరిగి రారని అంటాడు. ఆ భాగంలో పెన్సిల్ పట్టుకుంటే, దూడ దగ్గర మొదలైన టిక్కులు ఊరి దగ్గర ఆగిపోయి, అక్కడినుంచి అన్నీ ఇంటూలే పడతాయి.